ముందు సెలైనా, పొటాషియమా, ఇన్సులినా?

ఒక జిల్లా ఆసుపత్రి అత్యవసర విభాగానికి అర్ధరాత్రి దాటాక ఇద్దరు షుగర్ రోగులు వచ్చారనుకుందాం. ఒకరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పందొమ్మిదేళ్ల అమ్మాయి, బరువు 50 కిలోలు. చిన్నప్పటి నుంచే టైప్ 1 మధుమేహం, రోజూ ఇన్సులిన్ మీదే ఉంటుంది. రెండు రోజులుగా జ్వరం, గొంతునొప్పి, వాంతులు. ఏమీ తినడం లేదు కదా, ఇన్సులిన్ వేస్తే షుగర్ పడిపోతుందేమోనని భయపడి ఇంజక్షన్ మానేసింది. ఇప్పుడు కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది, రొప్పుతోంది. గ్లూకోమీటరులో 412 వచ్చింది.

రెండో మనిషికి డెబ్బై రెండేళ్లు, 60 కిలోల బరువు. మాత్రలతో నెట్టుకొస్తున్న టైప్ 2 మధుమేహం. పది రోజులుగా మూత్రంలో మంట. మాటిమాటికీ లేవాల్సి వస్తోందని నీళ్లు తాగడం తగ్గించేశాడు. మూడు రోజుల నుంచి మత్తుగా పడి ఉంటున్నాడు, మనవణ్ణి వేరే పేరుతో పిలుస్తున్నాడు. వయసు మీద పడింది కాబట్టి చాదస్తం అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఈయన వేలి మీద సూది గుచ్చితే మీటరు అంకె చూపించలేదు, HI అని చూపించింది. చాలా మీటర్లలో 600 దాటితే అంతే.

మామూలు లెక్కలో ఇద్దరికీ షుగర్ బాగా పెరిగింది, ఇన్సులిన్ ఇవ్వాలి. తొందరలో చాలామంది చేయి ముందు ఇన్సులిన్ వయల్ మీదికే వెళుతుంది. ఈ ఇద్దరిలో ఎవరికైనా సరే, మొదటి పని అది అయితే ప్రమాదమే. ఎందుకో తెలియాలంటే ఒంట్లో ఏం జరుగుతోందో చూడాలి.

అమ్మాయి ఒంట్లో ఇన్సులిన్ దాదాపు లేదు. రక్తంలో గ్లూకోజు పుష్కలంగా ఉన్నా కణాల్లోకి వెళ్లే దారి లేదు. దాంతో శరీరం కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఆ కొవ్వులోంచి కాలేయం కీటోన్లనే పదార్థాలను తయారుచేస్తుంది. వీటిలో ముఖ్యమైనవి ఆమ్లాలు. రక్తం ఆమ్లంగా మారుతుంటే ఊపిరితిత్తులు ఆ ఆమ్లాన్ని కార్బన్ డయాక్సైడ్ రూపంలో బయటికి పంపాలని చూస్తాయి. ఆ రొప్పుడు అదే. పరుగెత్తి వచ్చినవాళ్ల ఆయాసంలా పైపైన ఉండదు. లోతుగా, ఒకే లయలో, ఆగకుండా సాగుతుంది. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ 1874లో దీన్ని వర్ణించాడు కాబట్టి ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. దగ్గరికి వెళితే ఊపిరిలో మగ్గిన పండు వాసన తగులుతుంది, అది అసిటోన్. అందరి ముక్కూ దాన్ని పసిగట్టలేదు కాబట్టి వాసన రాలేదని ధీమా పడకూడదు. కడుపునొప్పి, వాంతులు కూడా ఆమ్లం వల్లే. అపెండిసైటిస్ అనుకుని సర్జన్‌ను పిలిచిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు. దీన్నే డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అంటారు. వార్డు భాషలో డీకేఏ.

పెద్దాయన సంగతి వేరు. ఆయన క్లోమం ఇంకా కాస్తో కూస్తో ఇన్సులిన్ ఇస్తోంది. కొవ్వు కరగకుండా ఆపడానికి ఆ కొంచెం చాలు, రక్తంలో గ్లూకోజును అదుపు చేయడానికి చాలదు. అందుకే ఆమ్లం పెద్దగా చేరలేదు, వాంతులు లేవు, రొప్పు లేదు. అంటే భయపడి ఆసుపత్రికి పరుగెత్తించే లక్షణం ఏదీ లేదు. డీకేఏ ఒకటి రెండు రోజుల్లో ముదిరితే, ఇది రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి చాప కింద నీరులా సాగుతుంది. షుగర్ 600, 800, 1000 దాకా పోతుంది. గ్లూకోజు మూత్రంలోకి పోతూ తనతోపాటు నీటిని లాక్కుపోతుంది. రక్తం చిక్కబడేకొద్దీ, ఉప్పు చల్లిన మామిడి ముక్కల్లోంచి నీరు ఊరినట్టు, కణాల్లోని నీరు రక్తంలోకి వచ్చేస్తుంది. మెదడు కణాలూ అలాగే ఎండుతాయి. అందుకే మత్తు, తికమక, కొందరిలో ఫిట్స్, ఇంకొందరిలో ఒక పక్క చేయి కాలు పడిపోవడం. పక్షవాతమని స్కానింగ్‌కు పంపే ముందు షుగర్ చూడమని చెప్పేది ఇందుకే. దీని పేరు హైపర్‌ఆస్మోలార్ హైపర్‌గ్లైసీమిక్ స్టేట్, పొట్టిగా హెచ్‌హెచ్‌ఎస్. డీకేఏతో ఆసుపత్రికి చేరిన పెద్దల్లో చనిపోయేవారు ఇప్పుడు చాలా తక్కువ. హెచ్‌హెచ్‌ఎస్‌లో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది వచ్చేది వయసు పైబడినవాళ్లకు, గుండె, కిడ్నీలు అప్పటికే బలహీనపడినవాళ్లకు. పైగా ఆలస్యంగా వస్తారు.

రెండింటినీ తెచ్చిపెట్టే కారణాలు చాలావరకు ఒకటే. మొదటిది ఇన్ఫెక్షన్, ముఖ్యంగా న్యుమోనియా, మూత్రనాళాల ఇన్ఫెక్షన్. తర్వాత ఇన్సులిన్ మానేయడం. గుండెపోటు, పక్షవాతం, క్లోమం వాపు, స్టెరాయిడ్లు కూడా ఇందుకు దారితీస్తాయి. మోకాళ్ల నొప్పులకో ఆయాసానికో స్టెరాయిడ్ వాడారేమో పెద్దవాళ్ల ఇంట్లో విడిగా అడగాలి. చాలామందికి తాము వాడింది స్టెరాయిడ్ అని తెలియదు, అందుకే మందుల చీటీ, ఖాళీ స్ట్రిప్పులు తెప్పించుకోవడం మేలు. జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదనుకోవడానికి కూడా వీల్లేదు. ఈ రోగుల్లో ఒళ్లు చల్లగానే ఉండి లోపల ఇన్ఫెక్షన్ ముదిరి ఉండొచ్చు.

తేడా తేల్చేది షుగర్ అంకె కాదు. రక్తంలో కీటోన్లు, ఆమ్లత, చిక్కదనం, ఈ మూడే. మన అమ్మాయి రక్త వాయు పరీక్షలో పీహెచ్ 7.08, బైకార్బొనేట్ 8 వచ్చాయి. పీహెచ్ 7.3 కన్నా తక్కువ, లేదా బైకార్బొనేట్ 18 కన్నా తక్కువ ఉండి, రక్తంలో కీటోన్లు 3 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే డీకేఏ. పెద్దాయన పీహెచ్ 7.34, కీటోన్లు 0.6. ల్యాబ్ షుగర్ 920, సోడియం 146. చిక్కదనం లెక్క కట్టడం తేలిక. సోడియంను రెండుతో గుణించి, షుగర్‌ను 18తో భాగించి, రెండూ కూడాలి. 292కు 51 కలిపితే 343. మామూలుగా ఇది 300 లోపు ఉండాలి. ఇద్దరి కథా ఇంత స్పష్టంగా విడిపోయింది గానీ, ఆమ్లమూ చిక్కదనమూ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదేమీ కాదు.

మూత్రంలో కీటోన్లు చూసే పట్టీ గురించి ఒక మాట. చిన్న ఆసుపత్రుల్లో ఉండేది అదే. డీకేఏలో ఎక్కువగా చేరే కీటోన్ బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్. పట్టీ దాన్ని గుర్తించలేదు, అసిటోఅసిటేట్‌ను మాత్రమే గుర్తిస్తుంది. చికిత్స పనిచేసేకొద్దీ మొదటిది రెండోదిగా మారుతుంది కాబట్టి, రోగి కోలుకుంటుంటే పట్టీ రంగు ఇంకా ముదురుతుంది. రోగ నిర్ధారణకు పట్టీ అక్కరకొస్తుంది, రోగి మెరుగవుతున్నాడో లేదో చెప్పడానికి మాత్రం పనికిరాదు.

ఇక చికిత్స. ఇద్దరికీ మొదట ఎక్కేది సెలైనే, 0.9 శాతం నార్మల్ సెలైన్. అమ్మాయి ఒంట్లోంచి పోయిన నీరు కిలోకు సుమారు 100 మి.లీ., అంటే అయిదు లీటర్లు. హెచ్‌హెచ్‌ఎస్‌లో కిలోకు 100 నుంచి 220 మి.లీ. దాకా పోయి ఉంటుంది. గుండె, కిడ్నీ జబ్బు లేని పెద్దవాళ్లకు మొదటి రెండు నుంచి నాలుగు గంటలు గంటకు 500 నుంచి 1000 మి.లీ. చొప్పున ఎక్కిస్తారు. పిల్లల లెక్క పూర్తిగా వేరు, వాళ్లకు మెదడు వాపు భయం ఎక్కువ. ఇక్కడి అంకెలేవీ పిల్లలకు వర్తించవు. సెలైన్ ఒక్కటి ఎక్కినా షుగర్ దిగుతుంది. రక్తం పలచబడుతుంది, కిడ్నీలకు ప్రవాహం పెరిగి గ్లూకోజు మూత్రంలో పోతుంది. ఇన్సులిన్ ఇంకా మొదలుపెట్టలేదే అని కంగారుపడే డ్యూటీ నర్సుకు ఈ సంగతి తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది.

సెలైన్ తర్వాత చూడాల్సింది పొటాషియం. ఇద్దరి ఒంట్లోంచీ పొటాషియం మూత్రంతో పాటు లెక్కలేనంత పోయింది. కానీ ఇన్సులిన్ లేకపోవడం వల్ల, ఆమ్లం వల్ల కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి రక్తంలో నిలుస్తుంది. దాంతో రిపోర్టులో మామూలుగా, ఒక్కోసారి ఎక్కువగా కూడా కనిపిస్తుంది. ఇన్సులిన్ ఎక్కగానే అది మళ్లీ కణాల్లోకి దూరిపోతుంది. అప్పటికే తక్కువగా ఉన్న మనిషిలో అలా జరిగితే గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు నీరసిస్తాయి. అందుకే 3.5 కన్నా తక్కువ ఉంటే ఇన్సులిన్ ఆపాలి, ముందు పొటాషియం ఎక్కించాలి. 3.5కు, 5కు మధ్య ఉంటే రెండూ కలిసి నడుస్తాయి, లీటరు సెలైన్‌కు 10 నుంచి 20 మిల్లీమోల్స్ చొప్పున. 5 దాటితే పొటాషియం కలపకుండా ఇన్సులిన్ మొదలుపెట్టి రెండు గంటలకోసారి చూస్తూ ఉండాలి.

అమ్మాయి విషయంలో డ్యూటీ డాక్టరు గంటకు 5 యూనిట్ల ఇన్సులిన్ రాశారు. కిలోకు 0.1 యూనిట్ లెక్క అది, తప్పేం లేదు. రక్త వాయు పరీక్ష యంత్రం పొటాషియం కూడా నిమిషాల్లో చూపిస్తుంది, అందులో 3.1 వచ్చింది. నర్సు ఫోన్ చేసి, "సార్, పొటాషియం మూడు పాయింట్ ఒకటి. ఇన్సులిన్ ఆపి ఉంచాను, కేసీఎల్ రాయండి" అంది. ఈ ఒక్క ఫోన్ ఆ రాత్రి జరిగిన పనులన్నింటిలోకీ విలువైనదని నా అభిప్రాయం.

మొదటి 500 మి.లీ. సీసా అరగంటలో ఎక్కింది, అమ్మాయికి మూత్రం వచ్చింది. మూత్రం రావడం లేదంటే పొటాషియం బయటికి పోయే దారి లేదని అర్థం, కాబట్టి ఇది చూడకుండా కలపకూడదు. మన దగ్గర దొరికే 10 మి.లీ. కేసీఎల్ ఆంపూల్‌లో సాధారణంగా 20 మిల్లీమోల్స్ ఉంటుంది, లేబుల్ చదివే కలపాలి. రెండో సీసాలో ఒక ఆంపూల్ కలిపి గంటసేపు నడిపారు, మూడో సీసాలోనూ అంతే. అంటే గంటకు 20. మానిటరు మీద ఈసీజీ కనిపిస్తూ ఉండాలి. సిరంజితో నేరుగా నరంలోకి పొటాషియం ఎప్పుడూ తోయకూడదు, గుండె ఆగిపోతుంది. అంతగా ఎవరూ చెప్పని ఇంకో చిన్న ప్రమాదం ఉంది. స్టాండుకు వేలాడుతున్న సీసాలోనే సూది గుచ్చి కలిపేస్తే బరువుగా ఉండే కేసీఎల్ సీసా మూతి దగ్గర చేరుతుంది, మొదటి కొన్ని నిమిషాల్లోనే మొత్తం దిగిపోతుంది. సీసా దించి, కలిపి, తలకిందులుగా పదిసార్లు తిప్పి, ఎంత కలిపారో పట్టీ రాసి అంటించి అప్పుడు వేలాడదీయాలి.

రెండు గంటల తర్వాత పొటాషియం 3.7. ఈలోగా సెలైన్‌తోనే షుగర్ 412 నుంచి 340కి దిగింది. ఇప్పుడు ఇన్సులిన్ మొదలు.

ఇన్సులిన్ కలపడంలో మన దేశంలో ఒక చిక్కుంది. ఇక్కడ మామూలుగా దొరికే రెగ్యులర్ ఇన్సులిన్ వయల్లో మి.లీ.కు 40 యూనిట్లు ఉంటాయి. పెన్నుల్లో, కొన్ని వయల్స్‌లో మి.లీ.కు 100. సిరంజిలూ రెండు రకాలు. 40 వాటికి ఎర్ర మూత, 100 వాటికి నారింజ రంగు మూత. 50 మి.లీ. సిరంజి పంపుకు 50 యూనిట్లు కావాలంటే 40 వయల్ నుంచి 1.25 మి.లీ. తీయాలి, 100 వయల్ అయితే అర మి.లీ. చాలు. వయల్ ఒకటి, సిరంజి ఒకటి అయితే మోతాదు రెండున్నర రెట్లు తారుమారవుతుంది. అందుకే ఇద్దరు కలిసి వయల్ చూసి, సిరంజి చూసి, పైకి చదివి కలపాలి. నరానికి ఇచ్చేది నీళ్లలా తేటగా ఉండే రెగ్యులర్ మాత్రమే. పాలలా ఉండే 30/70 మిశ్రమం నరానికి ఇవ్వకూడదు. ఇన్సులిన్ ప్లాస్టిక్ గొట్టం గోడలకు అంటుకుంటుంది కాబట్టి, కలిపిన ద్రవంలో 20 మి.లీ. గొట్టంలోంచి పారబోసి ఆ తర్వాత రోగికి తగిలించాలి. అలా చేయకపోతే మొదటి గంట పంపు తిరుగుతుంది, షుగర్ మాత్రం కదలదు. మోతాదు చాలలేదేమోనని పెంచేస్తారు.

తెల్లవారేసరికి అమ్మాయి షుగర్ 240. ఇప్పుడు సెలైన్‌తో పాటు 5 శాతం డెక్స్‌ట్రోజ్ మొదలవుతుంది, వార్డులో డీఎన్ఎస్ సీసా అంటే సరిపోతుంది. ఇన్సులిన్ సగానికి, గంటకు రెండున్నర యూనిట్లకు దిగుతుంది. దిగుతుంది గానీ ఆగదు. మంచం పక్కన కూర్చున్న తల్లి అడగనే అడుగుతుంది.

"షుగర్ ఎక్కువైందనే కదా సిస్టర్ తీసుకొచ్చాం, మళ్లీ గ్లూకోజ్ ఎందుకు ఎక్కిస్తున్నారు?"

"ఇంకా రక్తంలో ఆమ్లం ఉందమ్మా. అది పోవాలంటే ఇన్సులిన్ నడుస్తూ ఉండాలి. ఉత్త ఇన్సులిన్ నడిపితే షుగర్ మరీ పడిపోతుంది. అందుకే ఈ సీసా."

ఆ గంటలో కీటోన్లు ఇంకా 4.1. షుగర్ దిగింది కదా అని ఇక్కడ పంపు ఆపేస్తే నరంలో ఎక్కిన ఇన్సులిన్ ప్రభావం కొద్ది నిమిషాల్లోనే పోతుంది, కీటోన్లు మళ్లీ పెరుగుతాయి. డీకేఏ తగ్గిందని చెప్పాలంటే కీటోన్లు 0.6 కన్నా దిగాలి, పీహెచ్ 7.3 చేరాలి, లేదా బైకార్బొనేట్ 18 చేరాలి. ఇన్సులిన్ వచ్చిన తొలి రోజుల్లోనే ఈ సంగతి కనిపించింది. 1922 జనవరి 23న టొరంటోలో పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు శుద్ధి చేసిన ఇన్సులిన్ ఇచ్చినప్పుడు అతని మూత్రంలో కీటోన్లు మాయమయ్యాయి. దాదాపు రెండు వారాల ముందు ఇచ్చిన మొదటి ఇంజక్షన్ షుగర్‌ను కాస్త తగ్గించింది గానీ కీటోన్లను కదిలించలేకపోయింది, ఆపేశారు.

పెద్దాయన దగ్గర ఈ తొందర పనికిరాదు. ఆయన రక్తంలో పేరుకున్న గ్లూకోజు, తనతో పాటు నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచుతోంది. నీళ్లు నింపకుండా ఇన్సులిన్ ఇస్తే గ్లూకోజు కణాల్లోకి పోతుంది, నీరూ వెంటపోతుంది, బీపీ కూలిపోతుంది. అందుకని బ్రిటన్ మధుమేహ సంఘాల పద్ధతిలో, కీటోన్లు లేని హెచ్‌హెచ్‌ఎస్‌కు మొదట సెలైన్ మాత్రమే. సెలైన్‌తో షుగర్ దిగడం ఆగిపోయాకే ఇన్సులిన్. 2024లో అమెరికా, యూరప్, బ్రిటన్ సంఘాలు కలిసి వెలువరించిన నివేదిక ఇన్సులిన్‌ను సెలైన్ వెంటే మొదలుపెట్టడానికి కూడా వీలిస్తుంది. మోతాదు మాత్రం రెండు చోట్లా డీకేఏలో సగమే, కిలోకు 0.05 యూనిట్. ఈయనకు గంటకు 3 యూనిట్లు. ఎనభై ఏళ్ల గుండెలు, చిన్న వార్డులు, తక్కువ సిబ్బంది ఉన్న చోట ముందు సెలైన్ చాలనే పద్ధతే నాకు నచ్చుతుంది.

మొదటి గంటలో లీటరు ఎక్కింది. ప్రతి సీసా తర్వాత నర్సు వీపు మీద స్టెతస్కోప్ పెట్టి ఊపిరితిత్తుల అడుగున గరగర వస్తోందేమో విన్నది. ఈయన పొటాషియం 4.6, కాబట్టి మూత్రం వచ్చాక సెలైన్‌లో కేసీఎల్ కలుస్తూ పోయింది. రెండు గంటలకు షుగర్ 770, సోడియం 147. సోడియం పెరిగిందని అక్కడి జూనియర్ గాభరాపడ్డాడు. గ్లూకోజు దిగుతుంటే నీరు తిరిగి కణాల్లోకి పోతుంది, కాబట్టి సోడియం కొంచెం పెరగడం సహజమే. చూడాల్సింది మొత్తం చిక్కదనం. 294కు 43 కలిపితే 337. రెండు గంటల్లో ఆరు దిగింది, గంటకు మూడు. గంటకు 3 నుంచి 8 మధ్య దిగితే చాలు, షుగర్ గంటకు 90 నుంచి 120 కన్నా ఎక్కువ దిగకూడదు, సోడియం రోజులో 10 కన్నా ఎక్కువ పడకూడదు. ఎండిన మెదడు కణాలు తమ లోపల కొన్ని పదార్థాలు పోగుచేసుకుని ఆ చిక్కదనానికి అలవాటుపడి ఉంటాయి. రక్తం ఒక్కసారి పలచబడితే నీరు వాటిలోకి దూరి మెదడు ఉబ్బుతుంది.

అయిదో గంటలో షుగర్ 690 దగ్గర నిలబడిపోయింది. అప్పుడు గంటకు 3 యూనిట్లు మొదలైంది. 250 దగ్గర డెక్స్‌ట్రోజ్ కలుస్తుంది. చిక్కదనం 300 లోపుకు వచ్చాక కూడా మనిషి తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఇంట్లోవాళ్లకు ఆ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది. చిక్కబడ్డ రక్తం కాళ్ల నరాల్లో గడ్డకడుతుంది కాబట్టి డాక్టర్లు హెపారిన్ రాస్తారు. నర్సు రోజూ రెండు పిక్కలూ పోల్చి చూడాలి. మడమలు పరుపుకు ఆనకుండా దిండు పెట్టాలి, స్పృహ తెలియకుండా పడి ఉన్న షుగర్ రోగి మడమ ఒక్క రాత్రిలో నల్లబడుతుంది.

పంపు నుంచి మామూలు ఇంజక్షన్‌కు మార్చేటప్పుడు జరిగే పొరపాటు ఉదయం షిఫ్టు మారే వేళ ఎక్కువ. చర్మం కిందికి ఇచ్చిన బేసల్ ఇన్సులిన్ పనిచేయడానికి సమయం పడుతుంది, కాబట్టి అది ఇచ్చిన ఒకటి రెండు గంటల దాకా పంపు నడుస్తూనే ఉండాలి. "ఇంజక్షన్ వేశారు, పంపు తీసేయండి" అని చెప్పి వెళితే మధ్యాహ్నానికి అమ్మాయి మళ్లీ రొప్పడం మొదలుపెట్టొచ్చు. ఇంజక్షన్ వేసిన టైమూ, పంపు ఆపాల్సిన టైమూ పక్కపక్కనే చార్టులో రాసి అప్పగించాలి.

డిశ్చార్జి రోజున అమ్మాయికి చెప్పాల్సింది ఒకటే. తిన్నా తినకపోయినా బేసల్ ఇన్సులిన్ మానకూడదు, జ్వరం ఉన్న రోజుల్లో షుగర్‌తో పాటు కీటోన్లు చూసుకోవాలి, వాంతులు ఆగకపోతే తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి రావాలి. పెద్దాయన ఇంట్లో ఒక మాత్ర పేరు అడగాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవాళ్లలో షుగర్ 200 దాటకుండానే డీకేఏ రావచ్చు. వాంతులతో, రొప్పుతో వచ్చిన అలాంటి మనిషి మీటరులో 170 చూసి షుగర్ బాగానే ఉందని ఇంటికి పంపేయకుండా, కీటోన్లు చూడమని డాక్టరును అడగాల్సిన వాళ్లలో ముందుండేది ఆ మీటరు పట్టుకున్న నర్సే.